జర్మన్‌లో ఉన్న ఖర్చుల పోర్టల్: హెచ్.ఆర్.కు రాసిన ఈ లేఖను ఒకసారి చూసి చెప్పగలరా?

కావలి రమణ

అందరికీ నమస్కారం. మాది కావలి. రెండేళ్లుగా జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర యంత్రాలు తయారు చేసే ఒక సంస్థలో ఇంజినీరుగా పనిచేస్తున్నాను. డ్రాయింగులు, మీటింగులు, కస్టమర్లతో ఉత్తరాలు అన్నీ ఇంగ్లీషులోనే జరుగుతాయి. ఖర్చుల పోర్టల్ ఒక్కటే పూర్తిగా జర్మన్‌లో ఉంది. కస్టమర్ల ఫ్యాక్టరీలకు టూరు వెళ్లి వచ్చిన ప్రతిసారీ రైలు, హోటలు, రోజువారీ బత్తా అన్నీ అందులోనే నమోదు చేయాలి. ఈ ఏడాది ఐదు క్లెయిములు పెడితే నాలుగు వెనక్కి వచ్చాయి. ఎందుకు వెనక్కి పంపారో రాసే కారణం కూడా జర్మన్‌లోనే ఉంటుంది. సాయంత్రాలు భాషా తరగతులకు వెళ్తున్నాను. దుకాణంలోనూ బస్సులోనూ నెట్టుకురాగలను గానీ అకౌంట్స్ వాళ్ల జర్మన్ నాకు ఇంకా అందలేదు.

విసుగు పుట్టి హెచ్.ఆర్.కు ఒక లేఖ రాశాను. ఇంకా పంపలేదు. ఇంగ్లీషులో పంపే ముందు మీరందరూ చూస్తారని తెలుగులో పెడుతున్నాను.

"గౌరవనీయులైన హెచ్.ఆర్. విభాగం వారికి. మన సంస్థలో విదేశీ ఇంజినీర్లు చాలామంది పనిచేస్తున్నారు. ఖర్చుల పోర్టల్ జర్మన్‌లో ఉండటం వల్ల మేము చాలా ఇబ్బంది పడుతున్నాము. మా క్లెయిములు తరచుగా తిరస్కరణకు గురవుతున్నాయి, డబ్బు రావడం ఆలస్యమవుతోంది. అంతర్జాతీయ సంస్థ అయినందున పోర్టల్‌ను వెంటనే ఇంగ్లీషులోకి మార్చాలని, మా అందరికీ శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాను."

దీనిలో ఏమైనా మార్చాలా?

సుబ్బారాయుడు, నెల్లూరు

నాయనా రమణా, నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన వాణ్ని. టి.ఏ. బిల్లులు వందల్లో చూశాను, వాటి మీద వచ్చిన అర్జీలూ చూశాను. నీ లేఖలో "చాలామంది", "చాలా ఇబ్బంది", "తరచుగా" అనే మాటలు ఉన్నాయి. ఈ మూడింటిలో దేనికీ ఫైలులో చోటుండదు. చదివిన అధికారి "అయ్యో పాపం" అనుకుని పక్కన పెడతాడు, ఎందుకంటే ఆ లేఖ మీద తాను ఏమి చేయాలో అందులో లేదు. ఎన్ని క్లెయిములు వెనక్కి వచ్చాయి, ఏ తేదీల్లో, ఏ గడి దగ్గర తప్పు జరిగింది అనేది రాయి. మరొక మాట: "వెంటనే", "అంతర్జాతీయ సంస్థ అయినందున" అనేవి తీసెయ్యి. మొదటిది ఆజ్ఞలా, రెండవది దెప్పినట్టుగా వినిపిస్తాయి.

శ్రీధర్, కందుకూరు

రమణ అన్నా, నేను మ్యూనిక్‌లో ఉంటున్నాను. ఇంత శ్రమ అక్కర్లేదు. బ్రౌజర్‌లో పేజీ మీద కుడి బటన్ నొక్కి అనువాదం ఎంచుకుంటే మొత్తం ఇంగ్లీషులో కనిపిస్తుంది. నేను మూడేళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నాను. దానికి కూడా ఒప్పుకోకపోతే Betriebsrat, అంటే ఉద్యోగులు ఎన్నుకున్న మండలి, వాళ్లకు ఫిర్యాదు చేయండి. విదేశీ ఉద్యోగులకు అర్థమయ్యే భాషలో పోర్టల్ ఇవ్వాలని ఇక్కడ చట్టమే ఉంది.

పద్మజ, ఒంగోలు

రమణ గారూ, నేను పదకొండేళ్లు చెన్నైలో ఒక జర్మన్ సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. జర్మనీ ఉద్యోగుల టూరు క్లెయిములు తనిఖీ చేసి, తప్పులున్నవాటిని వెనక్కి పంపడమే నా పని. మీకు వెనక్కి వచ్చిన క్లెయిముల వంటివి వేల సంఖ్యలో పంపి ఉంటాను. అందుకే లేఖ కంటే ముందు రెండు విషయాలు తెలుసుకోవాలని ఉంది.

మొదటిది, పోర్టల్‌లో మీ పేరు మీద నొక్కితే వచ్చే సెట్టింగులలో Sprache అనే గడి ఉందేమో చూడండి. చాలా పోర్టళ్లలో మెనూల భాషను ఉద్యోగే మార్చుకోవచ్చు. రెండవది, చివరిసారి వెనక్కి వచ్చిన క్లెయిమును వివరంగా చెప్పండి: ఎక్కడికి వెళ్లారు, ఎన్ని రాత్రులు, హోటల్లో ఉదయం టిఫిను గదితో పాటు ఉందా, మీరు ఏ గడిలో టిక్ పెట్టారు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తేనే ఏమి అడగాలో తెలుస్తుంది.

లావణ్య, పొదలకూరు

మా తమ్ముడు కూడా జర్మనీలోనే ఉన్నాడు. ఈ టూరు ఖర్చులన్నీ ఏడాది చివర పన్ను రిటర్నులో చూపిస్తే తిరిగి వస్తాయని చెప్పాడు. దానికి పన్ను సలహాదారు ఉంటారు కదా, వాళ్లకే కాగితాలు ఇవ్వండి. హెచ్.ఆర్.తో పనేముంది?

కావలి రమణ

లావణ్య గారూ, నేను అడుగుతున్నది పన్ను రిటర్ను గురించి కాదండీ, సంస్థ నేరుగా చెల్లించే టూరు ఖర్చుల గురించి.

పద్మజ గారూ, Sprache గడి దొరికింది! ఇంగ్లీషు ఎంచుకున్నాను. మెనూలు, బటన్లు ఇంగ్లీషులోకి వచ్చాయి. రెండేళ్లుగా ఇది తెలియకపోవడం బాధగా ఉంది. కానీ ఖర్చు రకాల జాబితా, ప్రతి గడి పక్కన వచ్చే సూచనలు, బత్తా పేజీ మాత్రం జర్మన్‌లోనే ఉన్నాయి.

చివరి క్లెయిము హాంబర్గ్ టూరుది. సోమవారం ఉదయం బయలుదేరి బుధవారం రాత్రికి తిరిగి వచ్చాను. రెండు రాత్రుల హోటలు, ఉదయం టిఫిను గది అద్దెలోనే కలిసి ఉంది. బత్తా పేజీలో Mahlzeiten gestellt అనే శీర్షిక కింద మూడు పూటలకు మూడు గళ్లు ఉన్నాయి. Mahlzeiten అంటే భోజనాలని తెలుసు. gestellt కోసం నిఘంటువు చూస్తే "పెట్టిన" అనే అర్థం వచ్చింది. డబ్బు పెట్టి తిన్న భోజనాలు కాబోలు అనుకున్నాను. అందుకని సోమ, మంగళవారాల రాత్రి భోజనాలకు టిక్ పెట్టి, ఉచితంగా తిన్న టిఫినుకు పెట్టలేదు. మంగళవారం రాత్రి భోజనం 24 యూరోలు అయింది, దాని బిల్లును Bewirtung అనే రకం కింద వేశాను. ఇదే పేజీని బ్రౌజర్ అనువాదంలో చూస్తే ఆ మాట "ఆతిథ్యం" అని వచ్చింది. హోటలు భోజనమే కదా అనుకున్నాను. అది ఎవరెవరికి అని పేర్లు అడిగితే నా పేరు రాశాను.

పద్మజ, ఒంగోలు

రమణ గారూ, ఇంత స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మీ లేఖకు కావలసినదంతా ఈ ఒక్క క్లెయిములోనే ఉంది.

జర్మనీలో స్వదేశీ టూరు బత్తా లెక్క ఇలా ఉంటుంది. పూర్తి ఇరవై నాలుగు గంటలు బయట ఉన్న రోజుకు 28 యూరోలు, బయలుదేరిన రోజుకు, తిరిగి వచ్చిన రోజుకు 14 చొప్పున. 2020 నుంచి ఇవే రేట్లు. మీ సోమవారానికి 14, మంగళవారానికి 28, బుధవారానికి 14, మొత్తం 56. దీనికి బిల్లులు అక్కర్లేదు. ఎక్కడ ఏమి తిన్నారో సంస్థ అడగదు. అయితే సంస్థ ఖర్చుతో మీకు ఒక పూట దొరికితే ఆ పూటకు కోత పడుతుంది. టిఫినుకు 28లో ఐదో వంతు, అంటే 5.60, మధ్యాహ్న, రాత్రి భోజనాలకు ఒక్కొక్కదానికి 11.20. 14 యూరోల రోజున కూడా కోత ఇంతే, 14 మీద లెక్క కట్టరు.

Mahlzeiten gestellt అంటే "ఇతరులు సమకూర్చిన భోజనాలు". మీరు డబ్బు పెట్టి తిన్నవి కావు, అందుకు సరిగ్గా వ్యతిరేకం. మీకు రెండు టిఫినులు హోటలు ఇచ్చింది కాబట్టి 11.20 తగ్గి 44.80 రావాలి. మీరు రెండు రాత్రి భోజనాలకు టిక్ పెట్టారు కాబట్టి పోర్టల్ 22.40 తగ్గించి 33.60 లెక్కకట్టి ఉంటుంది. హోటలు బిల్లులో టిఫిను కనిపిస్తోంది, పోర్టల్‌లో టిక్ లేదు. అందుకే అకౌంట్స్ వాళ్లు వెనక్కి పంపారు.

ఇక Bewirtung అంటే బయటి వ్యాపార అతిథులకు మీరు విందు ఇవ్వడం. అతిథుల పేర్లు, విందుకు కారణం రాయాలి. మీరు ఒక్కరే తిన్న భోజనం అందులోకి రాదు, అది బత్తాలోనే ఉంది. మిమ్మల్ని మీరే విందుకు పిలిచినట్టు నమోదైంది.

ఇప్పుడు ఒక తేడా గమనించండి. మొదటి తప్పు భాష వల్ల జరిగింది. "సమకూర్చిన భోజనాలు" అని ఇంగ్లీషులో ఉంటే మీరు పొరబడేవారు కాదు. రెండవది ఇంగ్లీషులో ఉన్నా జరిగేది, ఎందుకంటే "ఆతిథ్యం" అని ఇంగ్లీషులో చదివే కదా మీరు దాన్ని ఎంచుకున్నారు. బత్తాలో భోజనం ఇమిడి ఉందనే పద్ధతి తెలియకపోవడం దానికి కారణం. పోర్టల్ భాష మారితే మొదటిది పోతుంది; రెండవది పోవాలంటే ఎవరైనా కూర్చుని చెప్పాలి. మీరు అడుగుతున్న రెండు కోరికలకూ వేర్వేరు కారణాలు ఉన్నాయి, లేఖలో అవి వేర్వేరుగానే కనిపించాలి.

శ్రీధర్ గారూ, బ్రౌజర్ అనువాదం మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే. అది మాటను మారుస్తుంది గానీ ఆ మాట అకౌంట్స్‌లో ఏ అర్థంలో వాడతారో దానికి తెలియదు.

శ్రీధర్, కందుకూరు

పద్మజ గారూ, ఒప్పుకుంటున్నాను. మా ఆఫీసులో జరిగింది చెబుతాను. నా సహోద్యోగి రెండు వారాల టూరుకు హోటలు బిల్లు 1,140 యూరోలు వేస్తే, ఆయన ఖాతాలో ఒక యూరో పద్నాలుగు సెంట్లు పడ్డాయి. సాఫ్ట్‌వేరు లోపమని నాలుగు రోజులు ఐ.టి. వాళ్లతో వాదించాడు. ఇలాంటివి లేఖలో రాస్తే పోర్టలే పనికిరాదని తేలిపోతుంది కదా?

పద్మజ, ఒంగోలు

అది లోపం కాదండీ. జర్మన్ పద్ధతిలో కామా, చుక్క స్థానాలు తారుమారుగా ఉంటాయి. వేలను చుక్కతో విడదీస్తారు, సెంట్లను కామాతో రాస్తారు. మన అలవాటు ప్రకారం 1,140 అని కొడితే ఆ యంత్రం దాన్ని ఒకటి పాయింటు పద్నాలుగు అని చదివింది. తనిఖీ చేసిన మనిషి బిల్లు తెరిచి చూడకపోవడం ఒక్కటే అక్కడ జరిగిన పొరపాటు.

రమణ గారూ, ఇది మీకు ఇప్పుడు మరింత ముఖ్యం. మీరు భాషను ఇంగ్లీషుకు మార్చారు కాబట్టి, కొన్ని పోర్టళ్లలో దాంతో పాటే అంకెల పద్ధతి కూడా మారిపోతుంది, కొన్నింటిలో మారదు. మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఒక కొత్త క్లెయిము తెరిచి, పన్నెండు యూరోల యాభై సెంట్లు కొట్టి, పంపకుండా సేవ్ చేసి, ఎలా కనిపిస్తుందో చూడండి. వేల అంకె దగ్గర ఏ గుర్తూ పెట్టకుండా 1140 అని రాస్తే ఏ పద్ధతిలోనైనా తప్పు జరగదు. ఇంగ్లీషులో బ్రిటన్, అమెరికా అని రెండు కనిపిస్తే బ్రిటన్‌ది ఎంచుకోండి. అమెరికా పద్ధతిలో నెల ముందు వస్తుంది, ఏప్రిల్ ఐదు మే నాలుగు అవుతుంది.

మస్తాన్ వలి, సింగరాయకొండ

నేను ఇక్కడ ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజర్‌ని. మాది విదేశం కాదు గానీ బాధ ఒక్కటే. మా కంపెనీ చెరువుల దగ్గరికి వెళ్లే కుర్రాళ్లకు పెట్రోలు ఖర్చుల యాప్ ఇచ్చింది, అది ఇంగ్లీషులో ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు "రిజెక్టెడ్" అని కనిపిస్తే డబ్బులు పడ్డాయనుకుని ఊరుకునేవారు. యాప్‌ను తెలుగులోకి మార్చమని అడిగితే ఖర్చవుతుందన్నారు. అప్పుడు నేను ఒకే కాగితం మీద యాప్‌లోని పద్నాలుగు మాటలకు ఎదురుగా తెలుగు అర్థం రాసి, ఆఫీసు గోడకు అంటించాను. ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అదే ఫొటో అందరి ఫోన్లలో ఉంది. రమణ గారు కూడా పోర్టల్ మారేదాకా అలాంటి కాగితం అడగవచ్చేమో.

సుబ్బారాయుడు, నెల్లూరు

మస్తాన్ బాబూ, మంచి మాట చెప్పావు. అర్జీలో పెద్ద కోరికతో పాటు, అధికారి రేపే మంజూరు చేయగల చిన్న కోరిక కూడా ఒకటి ఉండాలి. పెద్దదానికి పై అనుమతులు కావాలి, చిన్నదానికి అక్కర్లేదు. చిన్నది మంజూరైతే ఫైలు తెరుచుకున్నట్టే.

పద్మజ, ఒంగోలు

మస్తాన్ గారు చెప్పిన కాగితాన్ని లేఖలో తప్పక చేర్చండి. ఖర్చు రకాల పేర్లు, సూచనలు సాధారణంగా సాఫ్ట్‌వేరు సంస్థవి కావు. మీ సంస్థ తన అవసరం కొద్దీ రాసుకున్నవి. అందుకే మీరు భాష మార్చినా అవి జర్మన్‌లోనే మిగిలాయి. వాటికి ఇంగ్లీషు పేర్లు చేర్చడం పోర్టల్ నిర్వాహకుల పని. అంటే మీరు "పోర్టల్‌ను ఇంగ్లీషులోకి మార్చండి" అని రాస్తే హెచ్.ఆర్. దాన్ని ఐ.టి.కి పంపుతుంది, ఐ.టి. వాళ్లు "ఇంగ్లీషు ఇప్పటికే ఉంది, సెట్టింగులలో మార్చుకోండి" అని ఫైలు మూసేస్తారు. వాళ్లు చెప్పినదీ అబద్ధం కాదు. అందుకని ఏ మూడు చోట్ల జర్మన్ మిగిలిందో తెరచిత్రాలతో సహా చూపించండి.

చట్టం మాట కూడా చెప్పాలి. శ్రీధర్ గారన్నట్టు ఇంగ్లీషు పోర్టల్ ఇచ్చి తీరాలనే చట్టం లేదు. ఉద్యోగుల మండలి బాధ్యతల్లో విదేశీ ఉద్యోగులు సంస్థలో కలిసిపోవడానికి తోడ్పడటం ఒకటని చట్టంలో ఉంది, Betriebsverfassungsgesetz 80వ సెక్షన్‌లో. మండలి మీ తరఫున అడగగలదు గానీ, "చట్టం ప్రకారం ఇవ్వాల్సిందే" అని రాస్తే మొదటి ఉత్తరంలోనే మీ మాట తేలిపోతుంది. మండలి అన్ని సంస్థల్లోనూ ఉండదు కూడా.

ఒక్కటి మాత్రం నన్ను కలవరపెడుతోంది రమణ గారూ. ఐదింటిలో నాలుగు వెనక్కి వచ్చాయన్నారు. ఆ ఐదోది ఎలా పాసైంది? అందులో ఏ గళ్లలో టిక్ పెట్టారో ఒకసారి తెరిచి చూడండి.

కావలి రమణ

పద్మజ గారూ, చూశాను. ఫిబ్రవరిలో వెళ్లిన నాలుగు రోజుల టూరు, సోమవారం నుంచి గురువారం దాకా. ఆ హోటల్లో టిఫిను లేదు. మూడు రాత్రి భోజనాలూ నా డబ్బుతోనే తిన్నాను కాబట్టి, నాకు అర్థమైన పద్ధతిలో మూడింటికీ టిక్ పెట్టాను.

పద్మజ, ఒంగోలు

నేను భయపడిందే జరిగింది. ఆ టూరుకు 14, 28, 28, 14 కలిపి 84 యూరోలు రావాలి. మూడు భోజనాలు ఎవరో పెట్టినట్టు మీరే చెప్పారు కాబట్టి 33.60 తగ్గి 50.40 వచ్చి ఉంటుంది. అకౌంట్స్‌లో కూర్చున్న మనిషికి ఇది కనిపించదు. మీరు ఎక్కువ అడిగితే బిల్లుకూ క్లెయిముకూ పొంతన కుదరక దొరికిపోతుంది. మీరు తక్కువ అడిగితే అడ్డు చెప్పే కాగితమేదీ ఉండదు, హాయిగా పాసవుతుంది. నేను తనిఖీ చేసిన రోజుల్లో "కస్టమర్ విందు ఇచ్చి ఉంటాడు" అనుకుని ఇలాంటివి ఎన్ని పాస్ చేశానో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందువల్ల మీ లేఖలో అన్నిటికన్నా బలమైన విషయం వెనక్కి వచ్చిన నాలుగు కాదు, పాసైన ఆ ఒకటి. వెనక్కి వచ్చినవాటి వల్ల ఆలస్యమే జరిగింది. పాసైనదాని వల్ల ఉద్యోగికి రావలసిన డబ్బు ఎవరికీ తెలియకుండా పోయింది. మిగతా విదేశీ ఉద్యోగులు కూడా పాసైన తమ పాత క్లెయిములు తెరిచి చూసుకోవాలి.

లావణ్య, పొదలకూరు

అయితే ఆ 33.60 ఇక పోయినట్టేనా? నేను మొదట పన్ను రిటర్ను అన్నది ఇలాంటిదానికే.

పద్మజ, ఒంగోలు

లావణ్య గారూ, ఈసారి మీ మాట సరిగ్గా సరిపోయింది. ముందుగా రమణ గారు అకౌంట్స్‌ను సవరణ క్లెయిము తెరవమని అడగాలి. అయితే ఉద్యోగ ఒప్పందంలో Ausschlussfrist అనే షరతు ఉందేమో చూసుకోవాలి. చాలా ఒప్పందాల్లో, రావలసిన డబ్బును మూడు నెలల్లోపు రాతపూర్వకంగా అడగకపోతే హక్కు పోతుందని ఉంటుంది. ఫిబ్రవరి టూరుకు ఇప్పటికే ఐదు నెలలు అయినట్టుంది. సంస్థ ఒప్పుకోకపోతే, సంస్థ చెల్లించగా మిగిలిన బత్తాను పన్ను రిటర్నులో ఉద్యోగ ఖర్చుగా చూపవచ్చు. కానీ అది 33.60 తిరిగి ఇవ్వడం కాదు, పన్ను వేసే ఆదాయం అంత మేరకు తగ్గడం మాత్రమే. పైగా ఎవరికైనా 1,230 యూరోల ఉద్యోగ ఖర్చును రుజువులు లేకుండానే పన్ను శాఖ తగ్గిస్తుంది కాబట్టి, అన్ని ఖర్చులూ కలిపి అంతకు మించితేనే ఉపయోగం.

కావలి రమణ

మా ఒప్పందంలో ఆ షరతు ఉంది, మూడు నెలలే. అయినా అడుగుతాను.

మీ అందరి సలహాలతో లేఖ తిరిగి రాశాను. మా విభాగంలోని మరో ఐదుగురు విదేశీ ఇంజినీర్లను అడిగాను. వారిలో ఇద్దరు భోజనాల గళ్లను నాలాగే తలకిందులుగా అర్థం చేసుకున్నారు. వాళ్ల అనుమతితోనే ఆ సంఖ్య రాస్తున్నాను, పేర్లు రాయడం లేదు.

"విషయం: ఖర్చుల పోర్టల్‌లో ఖర్చు రకాలకు, బత్తా పేజీకి ఇంగ్లీషు పేర్లు, నలభై ఐదు నిమిషాల శిక్షణ కోరుతూ.

గౌరవనీయులకు,

ఈ ఏడాది నేను సమర్పించిన ఐదు టూరు క్లెయిములలో నాలుగు సవరణ కోసం వెనక్కి వచ్చాయి. వాటిని పరిశీలించగా తప్పులు నావేనని తెలిసింది. బత్తా పేజీలో Mahlzeiten gestellt అనే మాటను నేను తలకిందులుగా అర్థం చేసుకున్నాను. నా సొంత భోజనం బిల్లును Bewirtung కింద నమోదు చేశాను. ఆమోదం పొందిన ఐదో క్లెయిములో ఇదే పొరపాటు వల్ల నాకు 33.60 యూరోలు తక్కువ వచ్చాయి. దాని సవరణకు అకౌంట్స్ విభాగానికి విడిగా రాస్తున్నాను. నాతో కలిపి ఆరుగురు విదేశీ ఇంజినీర్లలో ముగ్గురు ఈ గళ్లను ఇలాగే నింపారు.

నా ప్రొఫైల్‌లో భాషను ఇంగ్లీషుకు మార్చుకున్నాను. మెనూలు మారాయి. ఖర్చు రకాల జాబితా, గడుల పక్కన ఉండే సూచనలు, బత్తా పేజీ మాత్రం జర్మన్‌లోనే ఉన్నాయి. వాటి తెరచిత్రాలు జతచేశాను. ఈ మూడు చోట్ల జర్మన్ పేరు పక్కనే ఇంగ్లీషు పేరు కూడా కనిపించేలా నిర్వాహకులు చేర్చగలరేమో పరిశీలించమని కోరుతున్నాను. అది పూర్తయ్యే లోపు, ఎక్కువగా వాడే మాటలకు ఇంగ్లీషు అర్థాలు రాసిన ఒక పేజీ కాగితం ఇవ్వగలిగితే మా పని సాగుతుంది. ముసాయిదా నేను తయారు చేస్తాను, అకౌంట్స్ విభాగం సరిచూస్తే చాలు.

పేర్లు మారినా బత్తా పద్ధతి తెలియకపోతే తప్పులు జరుగుతాయి. అందువల్ల అకౌంట్స్ నుంచి ఒకరు నలభై ఐదు నిమిషాలు కేటాయించి, నా హాంబర్గ్ క్లెయిమునే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి వరకు నింపి చూపించవలసిందిగా కోరుతున్నాను. మేము ఆరుగురం ఏ రోజైనా రాగలము."

సుబ్బారాయుడు, నెల్లూరు

ఇది లేఖ! "తప్పులు నావే" అని మొదట్లోనే ఒప్పుకోవడం బాగుంది. అటువైపు వాళ్లకు తమను తాము సమర్థించుకునే పని తప్పింది. "జర్మన్ పేరు పక్కనే" అన్న మాట ఉంచు. జర్మన్ తీసేయమంటున్నారని ఎవరూ అనుకోరు. ఒక్క సలహా: మండలికి నకలు పంపకు. తొలి లేఖకే పై వారికి నకలు పెడితే స్నేహంగా చేసే పని కూడా మొండిగా చేస్తారు.

శ్రీధర్, కందుకూరు

పెద్దాయనా, మీ మాట కాదనలేను గానీ ఇక్కడ పరిస్థితి వేరండీ. ఇక్కడ మండలి అంటే పై అధికారి కాదు, ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధులు. ముగ్గురికి డబ్బు తక్కువ వచ్చిందన్నప్పుడు వాళ్లకు తెలియజేయడం మర్యాదే అవుతుంది. నేనైతే నకలు పంపుతాను.

పద్మజ, ఒంగోలు

ఈ విషయంలో నాకూ స్థిరమైన అభిప్రాయం లేదు. మీ మేనేజరు మనస్తత్వం మీకే తెలుసు. లేఖ పంపే ముందు ఆయనకు ఒకసారి చూపించండి, ఎందుకంటే ఆరుగురి పనివేళల్లోంచి నలభై ఐదు నిమిషాలు ఇవ్వాల్సింది ఆయనే.

ఒక చిన్న చేర్పు. వెనక్కి పంపేటప్పుడు రాసే కారణం ఒక వాక్యమైనా ఇంగ్లీషులో రాయమని అడగండి. దానికి పోర్టల్‌లో ఏమీ మార్చనక్కర్లేదు, తనిఖీ చేసే మనిషి తలచుకుంటే చాలు.

కావలి రమణ

ఆ వాక్యం చేర్చి, మేనేజరుకు చూపించి, గత సోమవారం పంపాను. మండలికి నకలు పంపలేదు. శ్రీధర్ గారు మన్నించాలి.

ఈరోజు జవాబు వచ్చింది. శిక్షణకు వచ్చే నెల రెండో వారంలో రోజు ఇచ్చారు. కాగితం ముసాయిదా పంపమన్నారు, మస్తాన్ గారి పద్ధతిలోనే ఇరవై రెండు మాటలతో రాస్తున్నాను. ఖర్చు రకాల పేర్లు మార్చడానికి పోర్టల్ నిర్వాహకులను అడుగుతామన్నారు గానీ తేదీ చెప్పలేదు. వెనక్కి పంపే కారణం ఇంగ్లీషులో రాయడం గురించి జవాబులో ఒక్క మాట కూడా లేదు. 33.60 సంగతి అకౌంట్స్ వాళ్లు చూస్తున్నామన్నారు.

పద్మజ, ఒంగోలు

ముసాయిదా పంపే ముందు ఇక్కడ పెట్టండి రమణ గారూ, సరిచూస్తాను. Eigenbeleg అనే మాటను మరచిపోవద్దు. బిల్లు పోయినప్పుడు మీరే రాసి సంతకం చేసి ఇచ్చే కాగితం అది. "సొంత బిల్లు" అని రాస్తే మళ్లీ సొంత భోజనం బిల్లులన్నీ అందులోకి వచ్చి పడతాయి.